‘45 శాతం’ అంటే ఎంత కట్టాలి మావయ్యా?

మొన్న దసరాకి కాకినాడ వెళ్లినప్పుడు మా మావయ్య ఆఫీసులో కూర్చున్నాను. మావయ్య చార్టర్డ్ అకౌంటెంట్. ఊళ్లో అందరికీ ‘ఆడిటర్ గారు’. రెండు వందల పైచిలుకు క్లయింట్లు ఉంటారు. టైల్స్ షాపులు, కల్యాణ మండపాలు, డాక్టర్లు, రిటైరైన టీచర్లు, ఇలా అన్ని రకాల వాళ్లూ ఉన్నారు.

ఆ రోజు ఒక టైల్స్ షాపు యజమాని పండగ స్వీట్లు పట్టుకుని వచ్చారు. మాటల్లో మావయ్య, “సెప్టెంబరు అడ్వాన్స్ ట్యాక్స్ చలానా పంపలేదేంటండీ?” అని అడిగారు. ఆయన ఆశ్చర్యంగా చూసి, “కట్టేశాను కదండీ, జూన్‌లోనే! మీరు నలభై అయిదు అన్నారు, నేను నలభై అయిదు వేలు కట్టాను. మీ మెసేజ్‌లోనే ఉంది, కట్టేసుంటే పట్టించుకోవద్దని” అన్నారు.

మావయ్య తల పట్టుకున్నారు. నేను మాత్రం ఆ మెసేజ్ చూపించమన్నాను. సెప్టెంబర్ మొదటి వారంలో వాట్సాప్‌లో అందరికీ ఒకేసారి వెళ్లిన మెసేజ్ అది. సగం ఇంగ్లీషు, సగం తెలుగు. సారాంశం ఇది:

“ఆదాయపు పన్ను చట్టం 1961, సెక్షన్ 208, సెక్షన్ 211 ప్రకారం అసెస్‌మెంట్ ఇయర్ 2026-27కి సంబంధించిన అడ్వాన్స్ ట్యాక్స్ రెండవ వాయిదా (45%) 15-09-2025 లోపు చెల్లించవలసి ఉన్నది. చెల్లించని యెడల సెక్షన్ 234బి, 234సి ప్రకారం వడ్డీ వర్తించును. ఇప్పటికే చెల్లించి ఉన్నచో ఈ సందేశమును విస్మరించగలరు.”

ఇందులో ఒక్క తప్పు కూడా లేదు. చట్టం ప్రకారం ప్రతి మాటా కరెక్టే. అయినా ఆ షాపాయనకి సుమారు 2,700 రూపాయల వడ్డీ పడింది. నేను రోజూ చేసే పని సాఫ్ట్‌వేర్. యూజర్ తప్పు బటన్ నొక్కితే, ముందు మేం రాసిన స్క్రీన్‌ని చూసుకోవాలని అక్కడ నేర్పుతారు. అందుకే, “మావయ్యా, డిసెంబర్ మెసేజ్ నేను రాసిపెడతాను” అన్నాను. “రాయి, చూద్దాం. సెక్షన్లు తీసేస్తావేమో జాగ్రత్త” అన్నారు నవ్వుతూ.

అసలు ఎక్కడ తేడా కొట్టింది?

రాసేముందు నాకు విషయం అర్థం కావాలి కదా. మావయ్య కాగితం మీద వేసి చూపించారు.

టీడీఎస్ పోగా ఏడాదికి 10,000 రూపాయలు, అంతకు మించి పన్ను కట్టాల్సి వచ్చేవాళ్లు ఏడాది చివరిదాకా ఆగకూడదు. నాలుగు విడతల్లో కట్టాలి. జూన్ 15కి 15 శాతం, సెప్టెంబర్ 15కి 45 శాతం, డిసెంబర్ 15కి 75 శాతం, మార్చి 15కి 100 శాతం. ఇవి విడివిడి వాయిదాలు కావు. ఆ తేదీకి మొత్తం కలిపి అంత పడి ఉండాలని అర్థం. అంటే సెప్టెంబర్‌లో కొత్తగా కట్టాల్సింది 45 శాతం కాదు, 30 శాతమే.

మన టైల్స్ షాపాయన లెక్క చూద్దాం. ఏడాదికి లాభం 24 లక్షలని అంచనా. కొత్త పన్ను విధానంలో 3,00,000 పన్ను, దాని మీద 4 శాతం సెస్సు 12,000. మొత్తం 3,12,000. టీడీఎస్ రూపంలో 12,000 ముందే పోయింది. మిగిలింది 3,00,000. జూన్‌కి 45,000 పడాలి, కట్టారు. సెప్టెంబర్‌కి మొత్తం 1,35,000 పడాలి, అంటే ఇంకో 90,000 కట్టాలి. ఆయన కట్టలేదు.

ఇలా తక్కువ పడిన మొత్తం మీద నెలకి ఒక శాతం చొప్పున మూడు నెలల వడ్డీ వేస్తారు. 90,000 మీద మూడు శాతం, 2,700. “పోనీ మర్నాడే కట్టేస్తే?” అని అడిగాను. “అయినా మూడు నెలల వడ్డీయే. ఒక్క రోజు ఆలస్యమైనా అంతే” అన్నారు మావయ్య. నాకు తెలియని సంగతి అది. ఆ మెసేజ్ చదివిన వాళ్లలో ఎంతమందికి తెలుసంటారు?

సెప్టెంబర్‌లో ఇంకో గొడవ కూడా జరిగింది. అంతకుముందు ఏడాది ఆదాయానికి రిటర్ను వేసే గడువుని 2025లో జూలై 31 నుంచి సెప్టెంబర్ 15కి పొడిగించారు. అంటే ఒకే తేదీన రెండు పనులు, రెండు వేర్వేరు సంవత్సరాలవి. పదిహేనో తేదీ రాత్రి పొద్దుపోయాక రిటర్నుల గడువుని ఇంకో రోజు పెంచారు. ఆ వార్త టీవీలో చూసిన ఒక కల్యాణ మండపం యజమాని అడ్వాన్స్ ట్యాక్స్ గడువు కూడా పెరిగిందనుకుని పదహారున తీరిగ్గా కట్టారు. 60,000 మీద మూడు శాతం, 1,800 వడ్డీ. ఇంకొకాయన పదిహేనునే కట్టారు కానీ, రిటర్ను పనిలో ఉండి పోర్టల్‌లో పాత సంవత్సరం ఎంచుకున్నారు. డబ్బు పాత ఏడాది ఖాతాలో పడింది. అలాంటి తప్పుని ఏడు రోజుల్లోపు అయితే పోర్టల్‌లోనే సరిదిద్దుకోవచ్చు. ఆయన అదృష్టం కొద్దీ మూడో రోజున చలానా పంపారు, మావయ్య పట్టుకున్నారు.

శాతం ఆడిటర్ భాష, రూపాయి మన భాష

ముందు నేను అడిగింది ఒకటే: “మావయ్యా, శాతం ఎందుకు రాస్తున్నారు? ఎవరు ఎంత కట్టాలో రూపాయల్లో రాసేయొచ్చు కదా?”

“అంత తేలికైతే ఎప్పుడో రాసేవాణ్ణి రా. మార్చి వరకు వచ్చే లాభం నాకేం తెలుసు? నేను అంకె రాశాననుకో, తక్కువైతే వడ్డీ పడిందని నన్నంటారు. ఎక్కువైతే డబ్బు ఇరుక్కుపోయింది, రీఫండ్ ఎప్పుడొస్తుందని నన్నే అంటారు. శాతం రాస్తే తప్పుండదు.”

ఇక్కడే నాకు అసలు సంగతి అర్థమైంది. మెసేజ్ అలా ఉండటానికి కారణం మావయ్యకి తెలుగు రాకపోవడం కాదు. కష్టమైన తీసివేత లెక్క ఎవరు చెయ్యాలన్నది. ఏడాది అంచనా, అందులో 45 శాతం, అందులోంచి ఇప్పటిదాకా కట్టింది తీసెయ్యడం. ఈ మూడు అడుగుల్నీ మెసేజ్ క్లయింట్ నెత్తిన పెట్టింది. టైల్స్ అమ్మే మనిషి అది చెయ్యలేరు. చేసినా ఆయన దగ్గర అంచనా అంకె లేదు. అది మావయ్య కంప్యూటర్‌లో ఉంది.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. రూపాయల్లో అంకె రాయాలి. దాంతోపాటు ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో, ఏం మారితే ఫోన్ చెయ్యాలో కూడా రాయాలి. “నవంబర్ వరకు మీరిచ్చిన లెక్కల మీద వేసిన అంచనా” అనే ఒక్క వాక్యంతో మావయ్య భయం చాలావరకు తీరిపోయింది.

లెక్కకి మావయ్య దగ్గరున్న ఎక్సెల్ షీటే వాడాను. బి కాలమ్‌లో టీడీఎస్ పోగా ఏడాది పన్ను అంచనా, సి కాలమ్‌లో ఇప్పటిదాకా కట్టింది. డిసెంబర్‌కి ఇది చాలు:

```
=MAX(0, ROUNDUP(B2*75%-C2, -2))
```

పై వందకి సర్ది, ముందే ఎక్కువ కట్టిన వాళ్లకి సున్నా చూపిస్తుంది. మార్చికి 75% బదులు 100% పెడితే సరి. ఇందులో నా గొప్పేమీ లేదు. ఆ రెండు కాలమ్స్ నింపడమే అసలు పని. దానికి మావయ్య అసిస్టెంట్లకి నవంబర్ చివర్లో వారం పట్టింది.

అందరికీ ఒకే మెసేజ్ కాదు

షీటు నింపుతుంటే ఇంకో విషయం బయటపడింది. సెప్టెంబర్ మెసేజ్ అసలు వెళ్లకూడని వాళ్లకి కూడా వెళ్లింది.

రిటైరైన ఒక టీచరమ్మకి పింఛనూ, బ్యాంకు డిపాజిట్ల మీద వడ్డీ తప్ప వేరే ఆదాయం లేదు. అరవై దాటి, వ్యాపారం గానీ వృత్తి ఆదాయం గానీ లేని మన దేశవాసులు అడ్వాన్స్ ట్యాక్స్ కట్టక్కర్లేదు. రిటర్ను వేసేటప్పుడు కడితే చాలు. ఆవిడ మెసేజ్ చూసి కంగారుపడి, డిపాజిట్ రద్దు చేసుకోవాలా అని ఫోన్ చేశారట.

ఒక డాక్టరు గారు, కొందరు చిన్న షాపుల వాళ్లు లెక్కల పుస్తకాలు లేకుండా, వచ్చిన మొత్తంలో ఇంత శాతం లాభం అని చూపించే పద్ధతిలో ఉన్నారు. సెక్షన్ 44ఏడీ, 44ఏడీఏ అంటారు. వాళ్లకి నాలుగు విడతలు లేవు. మార్చి 15కి ఒకేసారి మొత్తం కట్టాలి. సెప్టెంబర్, డిసెంబర్ మెసేజ్‌లు వాళ్లకి అనవసరం. అనవసరమైన మెసేజ్ రెండు సార్లు వస్తే, అవసరమైన మూడోదాన్ని కూడా మనిషి చదవడు.

అందుకని షీటులో ఇంకో కాలమ్ పెట్టాం. డిసెంబర్‌లో కట్టేవాళ్లు, మార్చిలో మాత్రమే కట్టేవాళ్లు, కట్టక్కర్లేని వాళ్లు. మొదటి వాళ్లకే డిసెంబర్ మెసేజ్.

మొదటి డ్రాఫ్ట్ ఫెయిల్

నా మొదటి డ్రాఫ్ట్ నాకు చాలా బాగా అనిపించింది. “మీ ఏడాది పన్ను 3,00,000. డిసెంబర్ 15కి పడాల్సింది 2,25,000. మీరు కట్టింది 1,35,000. ఇప్పుడు కట్టాల్సింది 90,000.” వరసగా, లెక్క ప్రకారం.

నవంబర్‌లో ఊరెళ్లినప్పుడు అదే టైల్స్ షాపుకి వెళ్లి ఆయనకి ఫోన్‌లో చూపించాను. “అర్థమైందా?” అని అడగలేదు. అలా అడిగితే ఎవరైనా అయ్యిందనే అంటారు. “ఇది చదివి ఇప్పుడు మీరేం చేస్తారు?” అని అడిగాను. ఆయన పైనుంచి చూసి, “మూడు లక్షలు కట్టాలా? ఇప్పుడా?” అన్నారు.

ఆయన తప్పేం లేదు. కస్టమర్లతో మాట్లాడుతూ, మధ్యలో ఫోన్ చూసే మనిషి మొదటి అంకెనే పట్టుకుంటారు. కట్టాల్సిన అంకె మొదటి వాక్యంలోనే రావాలి. లెక్క దాని కింద, కావాల్సిన వాళ్లు చదువుకుంటారు.

ఆయనే ఇంకో రెండు సంగతులు చెప్పారు. ఒకటి, “పదిహేను లోపు అంటే పద్నాలుగుకే అయిపోవాలా, పదిహేనున కట్టొచ్చా?” నిజమే, ‘లోపు’ అన్న మాటని మనలో కొందరు ఒకలా, కొందరు ఇంకోలా అర్థం చేసుకుంటాం. రెండోది నేను ఊహించనిది. “అడ్వాన్స్ అంటే వచ్చే ఏడాదిది ముందే కట్టడం కదా? అందులో 2026-27 అని కూడా ఉంది. దాని గురించి ఇప్పుడే తొందరేముంది అనుకున్నాను.” షాపు అద్దెకి అడ్వాన్స్ ఇచ్చే మనిషికి ఆ మాట అలాగే వినిపిస్తుంది. పైగా చట్టంలో 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు వచ్చే ఆదాయానికి అసెస్‌మెంట్ ఇయర్ 2026-27. చదివేవాళ్లకి అది వచ్చే ఏడాది పన్నులాగే కనిపిస్తుంది.

మావయ్యతో ఒక విషయంలో మాత్రం గట్టిగా వాదన జరిగింది. ఆయన మెసేజ్‌లో గడువు ‘12వ తేదీ’ అని పెడదామన్నారు. చివరి రోజు సర్వర్ బిజీగా ఉంటుంది, నెట్ బ్యాంకింగ్‌లో రోజువారీ పరిమితి అడ్డమొస్తుంది, అందుకని. నేను ఒప్పుకోలేదు. ఒకసారి పన్నెండు దాటినా ఏమీ కాలేదని తెలిస్తే, ఆ తర్వాత పదిహేనుని కూడా ఎవరూ నమ్మరు. కాబట్టి అసలు తేదీ ఒక్కటే రాద్దాం, మెసేజ్ మాత్రం డిసెంబర్ 3నే పంపుదాం, కట్టని వాళ్లకి 11న ఇంకోసారి పంపుదాం అన్నాను. కాసేపు ఆలోచించి సరే అన్నారు.

చివరికి వెళ్లిన మెసేజ్

టైల్స్ షాపాయనకి డిసెంబర్ 3న వెళ్లింది ఇది:

“నమస్కారం అండీ. ఈ డిసెంబర్ 15, సోమవారానికి మీరు కట్టాల్సిన అడ్వాన్స్ ట్యాక్స్ రూ. 90,000. సోమవారం కూడా కట్టొచ్చు. మంగళవారం అయితే ఆలస్యమే.

ఒక్క రోజు ఆలస్యమైనా సుమారు రూ. 2,700 వడ్డీ పడుతుంది.

ఇది 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు, అంటే ఇప్పుడు నడుస్తున్న ఏడాది ఆదాయం మీద పన్ను. నవంబర్ వరకు మీరిచ్చిన లెక్కల మీద వేసిన అంచనా. ఏడాదికి రూ. 3,00,000. అందులో ముప్పావు వంతు, రూ. 2,25,000 ఇప్పటికి పడాలి. మీరు కట్టింది రూ. 1,35,000.

కట్టేటప్పుడు ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో e-Pay Tax తెరిచి, Assessment Year దగ్గర 2026-27, Type of Payment దగ్గర Advance Tax (100) ఎంచుకోండి. మేం ఎప్పుడూ డబ్బు కట్టే లింకు పంపం. అలాంటిది వస్తే మాది కాదు.

కట్టిన రోజే చలానా పంపండి. వ్యాపారం బాగా పెరిగినా, తగ్గినా, స్థలం గానీ షేర్లు గానీ అమ్మినా, కట్టేముందు ఫోన్ చేయండి.”

పాత మెసేజ్ కంటే పెద్దదే. కానీ చదివేవాళ్లు మొదటి రెండు వాక్యాల దగ్గర ఆగిపోయినా నష్టం లేదు. “ఇప్పటికే చెల్లించి ఉన్నచో విస్మరించగలరు” అన్న వాక్యం తీసేశాం. ఎవరు కట్టారో షీటులో ఉంది కాబట్టి, కట్టేసిన వాళ్లకి మెసేజే వెళ్లదు. సెక్షన్ నంబర్లు కూడా పోయాయి. “చట్టం పేరే లేకుండా ఆడిటర్ మెసేజ్ ఏంట్రా” అని మావయ్య కొంచెం బాధపడ్డారు. అడిగిన వాళ్లకి చెప్పండి, అన్నాను. ఎవరూ అడగలేదట.

‘కట్టిన రోజే చలానా’ అన్నది ఊరికే పెట్టింది కాదు. సంవత్సరం తప్పు పడితే సరిదిద్దుకోడానికి పోర్టల్ ఇచ్చే ఏడు రోజులు అప్పటి నుంచే మొదలవుతాయి. చలానా నెల తర్వాత వస్తే తప్పు తెలిసినా అధికారి దాకా వెళ్లాల్సిందే.

అయినా ఒక తప్పు మిగిలింది

టైల్స్ షాపాయన డిసెంబర్ 11న కట్టి, అరగంటలో చలానా పంపారు. కల్యాణ మండపం ఆయన కూడా ఈసారి ముందే కట్టారు. అంతా బాగుందనుకుంటుండగా జనవరిలో మావయ్య ఫోన్ చేశారు.

ఒక భార్యాభర్తలు ఇద్దరూ మావయ్య క్లయింట్లే. ఆవిడది బొటిక్, ఆయనది ఎలక్ట్రికల్ షాపు. ఇద్దరికీ ఇచ్చిన ఫోన్ నంబరు మాత్రం ఆయనదే. రెండు మెసేజ్‌లూ ఆయన ఫోన్‌కే వెళ్లాయి. ‘నమస్కారం అండీ’ అని ఉంది తప్ప ఎవరి పేరూ లేదు. ఆయన రెండు మొత్తాల్నీ తన పాన్ మీదే కట్టేశారు. ఆవిడ ఖాతాలో సున్నా. పాన్ తప్పు పడితే సంవత్సరం మార్చుకున్నంత సులువు కాదు. ఇప్పటికీ దాని కోసం తిరుగుతున్నారు. ఈలోగా ఆవిడకి వడ్డీ పడింది.

అది నా తప్పే. మొత్తం, తేదీ, సంవత్సరం, అన్నీ చూసుకున్నాను. ‘ఎవరి పన్ను’ అన్నది మాత్రం రాయలేదు, ఎందుకంటే ఒక ఫోన్ ఒక మనిషి అనుకున్నాను. మన ఇళ్లల్లో అలా ఉండదని నాకు తెలియాల్సింది.

ఇప్పుడు మార్చి మెసేజ్ తయారవుతోంది. మొదటి వాక్యంలోనే పేరు, పక్కన పాన్‌లోని చివరి నాలుగు అక్షరాలు. ఈసారి డాక్టరు గారిలాంటి వాళ్లకి కూడా వెళ్తుంది, వాళ్లకి మొత్తం ఒకేసారి. డిసెంబర్ 15 తర్వాత స్థలం అమ్మిన ఒకాయనకి ఆ లాభం మీద పన్ను కూడా ఇందులోనే కలుస్తుంది. ముందుగా ఊహించలేని ఆ లాభానికి పాత విడతల వడ్డీ పడదు, మార్చి విడతలో కట్టేస్తే చాలు.

మార్చి 15 ఈసారి ఆదివారం. బ్యాంకులకి సెలవు వస్తే మర్నాడు కట్టొచ్చన్న వెసులుబాటు ఉందని మావయ్య చెప్పారు. “అది మెసేజ్‌లో పెడదామా?” అని ఆయనే అడిగి, మళ్లీ ఆయనే, “వద్దులే, రెండు తేదీలు వద్దు. ఆదివారమైనా ఆన్‌లైన్‌లో కట్టొచ్చు అని రాయి” అన్నారు.

ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వస్తోంది. అందులో అసెస్‌మెంట్ ఇయర్ అన్న మాట పోయి, ఆదాయం వచ్చిన ఏడాదినే ట్యాక్స్ ఇయర్ అంటారు. టైల్స్ షాపాయనకి ఆ మాట చెబితే, “అమ్మయ్య, ఒక తలనొప్పి తగ్గింది. ఇంతకీ మార్చికి నేనెంత కట్టాలి?” అన్నారు. డెబ్భై అయిదు వేలండీ, అన్నాను. “శాతం చెప్పలేదు, బతికించారు” అని నవ్వారు.